మార్చిలో సగం, ఏప్రిల్‌లో సగం: బోనస్‌ను రెండేళ్లకు పంచితే పన్ను తగ్గుతుందా?

మార్చి నెల మూడో వారంలో ఏ కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో చూసినా ఇలాంటి ఉత్తరం ఒకటైనా కనిపిస్తుంది.

"అయ్యా, నాకు మంజూరైన మూడు లక్షల బోనస్‌లో సగం మార్చి జీతంతోనూ, మిగతా సగం ఏప్రిల్ జీతంతోనూ ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. మొత్తం ఒకే ఆర్థిక సంవత్సరంలో వస్తే పన్ను భారం ఎక్కువవుతోంది."

ఉత్తరం రాసిన మనిషి తప్పేమీ చేయడం లేదు. కష్టపడి సంపాదించిన డబ్బులో చట్టం ఒప్పుకున్నంత మేర మిగుల్చుకోవాలనుకోవడం న్యాయమైన కోరికే. పైగా ఇక్కడ ఎదురుచూడాల్సింది ఒక్క నెల. మార్చి 31న తీసుకునే డబ్బు ఏప్రిల్ 30న తీసుకుంటే చాలు, లెక్క కొత్త సంవత్సరంలోకి వెళ్లిపోతుందని ఆయన ఆలోచన. నిజంగా వెళ్తుందా? కొన్నిసార్లు వెళ్తుంది, కొన్నిసార్లు వెళ్లదు. అది డబ్బు బ్యాంకులో పడిన తేదీ మీద కాక, బోనస్ ఉత్తరంలోని ఒకటి రెండు వాక్యాల మీద ఆధారపడి ఉంటుంది. ఆ వాక్యాలేమిటో తెలియాలంటే ముందు లెక్క చూడాలి.

మూడు లక్షల మీద 81,900

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసే ఉద్యోగి. ఏడాది జీతం 11 లక్షలు. ఆయన కొత్త పన్ను విధానంలో ఉన్నారు, వేరే ఆదాయం లేదు. 2025-26లో ఒక పెద్ద పనిని గడువులోపు పూర్తి చేసినందుకు కంపెనీ ఒక్కసారి ఇచ్చే బోనస్‌గా 3 లక్షలు ప్రకటించింది.

బోనస్ లేకపోతే ఆయన కట్టాల్సిన పన్ను సున్నా. 11 లక్షల జీతంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 10.25 లక్షలు మిగులుతుంది. కొత్త విధానంలో పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 12 లక్షలు దాటనంత వరకు సెక్షన్ 87ఏ కింద రిబేటు వచ్చి పన్ను మొత్తం మాఫీ అవుతుంది. అందుకే ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి దాకా ఆయన జీతంలో కంపెనీ ఒక్క రూపాయి కూడా టీడీఎస్ కోయలేదు.

ఇప్పుడు 3 లక్షలు కలిపి చూడండి. మొత్తం 14 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 13.25 లక్షలు. 12 లక్షల గీత దాటింది కాబట్టి రిబేటు పోయింది. పన్ను మొదటి నుంచి లెక్కకు వస్తుంది. మొదటి 4 లక్షలకు ఏమీ లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం చొప్పున 20,000. 8 నుంచి 12 దాకా 10 శాతం చొప్పున 40,000. ఆపైన 1.25 లక్షలకు 15 శాతం చొప్పున 18,750. అన్నీ కలిపి 78,750. దాని మీద 4 శాతం సెస్సు 3,150. మొత్తం 81,900 రూపాయలు.

మిగతా 11 నెలల్లో ఏమీ కోయలేదు కాబట్టి ఈ 81,900 మొత్తం మార్చి పేస్లిప్‌లోనే కోతపడుతుంది. చేతికి వచ్చే బోనస్ 2,18,100. అది చూసి చాలామంది బోనస్‌కు ప్రత్యేకంగా ఎక్కువ రేటు ఉందనుకుంటారు. అలాంటి రేటేమీ లేదు. బోనస్ కూడా జీతంలో భాగమే, స్లాబులూ అవే. ఇక్కడ జరిగిందల్లా రిబేటు గీత దాటడమే.

ఇదే బోనస్ 2025-26లో లక్షన్నర, 2026-27లో లక్షన్నర చొప్పున లెక్కకు వస్తే? జీతం మారలేదనీ, రెండో ఏడాదికీ ఇవే స్లాబులనీ అనుకుందాం. ఒక్కో ఏడాది ఆదాయం 12.5 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 11.75 లక్షలు. రెండేళ్లూ 12 లక్షల లోపే. రెండేళ్లూ పన్ను సున్నా. అంటే ఆ ఉత్తరం విలువ 81,900 రూపాయలు.

అందరికీ ఇంత లాభం ఉండదు

ఆయన పక్క సీట్లో ఉన్న సీనియర్ జీతం 30 లక్షలు అనుకోండి. ఆయనకూ 3 లక్షల బోనస్ వచ్చింది. కొత్త విధానంలో 24 లక్షలు దాటిన ప్రతి రూపాయికీ 30 శాతమే. ఈ ఏడాది తీసుకున్నా వచ్చే ఏడాది తీసుకున్నా ఆ 3 లక్షల మీద పడే పన్ను ఒకటే. పంచితే మిగిలేది సున్నా.

18 లక్షల జీతానికి 10 లక్షల బోనస్ వచ్చినవారికి మధ్యస్థంగా ఉంటుంది. మొత్తం ఒకే ఏడాది తీసుకుంటే రెండేళ్లకు కలిపి పన్ను 5,64,200. చెరి సగం పంచితే 5,33,000. తేడా 31,200. పది లక్షల మీద ఇది చిన్న మొత్తమే.

లాభం గట్టిగా కనిపించేది రెండు గీతల దగ్గర. మొదటిది మనం చూసిన 12 లక్షల గీత. రెండోది 50 లక్షల గీత. ఆదాయం అది దాటితే పన్ను మీద 10 శాతం సర్‌చార్జి పడుతుంది. 45 లక్షల జీతానికి 10 లక్షల బోనస్ కలిసినవారికి ఆ సర్‌చార్జి, దాని మీద సెస్సు కలిపి 1,25,580 రూపాయలు. బోనస్‌ను చెరి సగం పంచితే రెండేళ్లూ ఆదాయం 50 లక్షల లోపే ఉండి ఆ మొత్తం మిగులుతుంది. కాబట్టి ఉత్తరం రాసే ముందు మీ ఆదాయం ఏ గీతకు ఎంత దూరంలో ఉందో చూసుకోండి. దగ్గర్లో ఏ గీతా లేకపోతే ఈ ప్రయాస అక్కర్లేదు.

రావాల్సిన రోజా, వచ్చిన రోజా?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 15 జీతాన్ని ఏ ఏడాది లెక్కలో వేయాలో చెబుతుంది. జీతం రావాల్సిన రోజు, చేతికి వచ్చిన రోజు, ఈ రెండింటిలో ఏది ముందైతే ఆ రోజే లెక్క. ముందుగా తీసుకుంటే తీసుకున్న ఏడాదిలో పన్ను. రావాల్సింది ఆలస్యంగా తీసుకుంటే రావాల్సిన ఏడాదిలోనే పన్ను. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చినా జీతం విషయంలో ఈ సూత్రం మారలేదు.

ప్రభుత్వ ఉపాధ్యాయులకు ఇది బాగా తెలిసిన విషయమే. వాళ్లు పన్ను లెక్క వేసుకునేటప్పుడు మార్చి నుంచి ఫిబ్రవరి దాకా జీతాలు కలుపుతారు, ఏప్రిల్ నుంచి మార్చి దాకా కాదు. ప్రభుత్వంలో మార్చి జీతం చెల్లించాల్సిన తేదీయే ఏప్రిల్ 1 కావడం దీనికి కారణం. పని చేసింది మార్చిలోనే అయినా డబ్బు అడిగే హక్కు పుట్టేది ఏప్రిల్‌లో. కాబట్టి ఆ జీతం కొత్త ఏడాది లెక్కలోకి వెళ్తుంది. ఇది ఎవరో ఒకరు అడిగితే చేసిన వాయిదా కాదు. నిబంధనే అలా ఉంది.

మన విజయవాడ ఉద్యోగి విషయంలో ఈ సూత్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం. మార్చి 16న ఆయనకు వచ్చిన ఉత్తరంలో ఇలా ఉందనుకోండి: "మీ సేవలకు గుర్తింపుగా రూ.3,00,000 బోనస్ మంజూరు చేస్తున్నాం. ఇది మార్చి నెల జీతంతో కలిపి చెల్లించబడుతుంది." ఈ రెండు వాక్యాలతో ఆయనకు మొత్తం 3 లక్షల మీదా హక్కు వచ్చేసింది. మార్చి 31న కంపెనీ ఇవ్వకపోతే నిలదీసి అడగవచ్చు. అలాంటి డబ్బును "నాకు ఏప్రిల్‌లో ఇవ్వండి" అని మార్చి 20న రాసినా, కంపెనీ సరేనన్నా, అది రావాల్సిన ఏడాది మారదు. తన డబ్బును తానే ఒక నెల కంపెనీ దగ్గర ఉంచినట్టు అవుతుంది, అంతే. పన్ను మాత్రం 2025-26లోనే.

అంతేకాదు, ఆ కోరిక ఉత్తరమే ఆయనకు ఎదురు తిరిగే సాక్ష్యం. "నాకు మంజూరైన" అని తన చేతితోనే రాశారు. పన్ను తగ్గించుకోవడానికే వాయిదా కోరుతున్నానని కూడా రాశారు.

ఇబ్బంది ఎక్కడ బయటపడుతుంది

ఇలాంటి వాయిదా ఇచ్చిన కంపెనీల్లో మొదట్లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. జీతం మీద టీడీఎస్ కోయాల్సింది చెల్లించేటప్పుడు. ఏప్రిల్‌లో ఇచ్చిన లక్షన్నర సహజంగానే కొత్త ఏడాది టీడీఎస్ లెక్కలోకి వెళ్తుంది. జూన్‌లో వచ్చే ఫారం 16లో పాత ఏడాదికి 12.5 లక్షలే కనిపిస్తుంది. ఉద్యోగి అదే చూసి రిటర్ను వేస్తారు. ఫారం 16లో ఉన్నది కాబట్టి సరైనదే అనుకుంటారు.

కానీ టీడీఎస్ ఎప్పుడు కోయాలన్నది ఒక ప్రశ్న. ఆదాయం ఏ ఏడాదిది అన్నది వేరే ప్రశ్న. రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతుంది. కంపెనీ ఖాతాల్లో మార్చి 31 నాటికి "ఉద్యోగులకు చెల్లించాల్సిన బోనస్" కింద ఆయన పేరున మిగతా లక్షన్నర బాకీగా ఉందనుకోండి. ఆ ఖర్చును కంపెనీ 2025-26 లాభంలోంచి తగ్గించుకుని ఉంటుంది. బోనస్‌ను రిటర్ను గడువులోపు నిజంగా చెల్లిస్తే అలా తగ్గించుకోవడానికి సెక్షన్ 43బీ ఒప్పుకుంటుంది. అప్పుడు ఒకే లక్షన్నర గురించి కంపెనీ ఈ ఏడాది బాకీ అంటోంది, ఉద్యోగి వచ్చే ఏడాది ఆదాయం అంటున్నారు. రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసే అధికారికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.

అలా పట్టుబడితే లక్షన్నర పాత ఏడాదికి కలుస్తుంది. తప్పించుకున్నామనుకున్న 81,900 కట్టాలి. దానికి నెలకు 1 శాతం చొప్పున వడ్డీ తోడవుతుంది. ఆదాయం తక్కువ చూపినందుకు సెక్షన్ 270ఏ కింద ఆ పన్నులో 50 శాతం పెనాల్టీ కూడా పడవచ్చు.

సరిగ్గా పంచడం ఎలా

చట్టబద్ధమైన దారి లేకపోలేదు. హక్కు పుట్టకముందే బోనస్ నిబంధనలు రెండు వాయిదాలుగా ఉండాలి. రెండో వాయిదా మీద హక్కు నిజంగానే కొత్త ఏడాదిలో పుట్టాలి. ఉత్తరం ఇలా ఉంటే సరిపోతుంది:

"రూ.1,50,000 మార్చి 2026 జీతంతో చెల్లిస్తాం. మరో రూ.1,50,000 పొందే అర్హత 2026 ఏప్రిల్ 30 నాటికి మీరు ఉద్యోగంలో కొనసాగుతూ, రాజీనామా నోటీసు ఇవ్వకుండా ఉంటేనే కలుగుతుంది."

ఈ ఉత్తరం ప్రకారం మార్చి 31న ఆ రెండో లక్షన్నర ఆయనది కాదు. ఏప్రిల్ 10న రాజీనామా చేస్తే రాదు. కంపెనీని అడిగే హక్కూ ఉండదు. షరతు నెరవేరిన ఏప్రిల్ 30న మాత్రమే అది రావాల్సిన డబ్బు అవుతుంది.

షరతుకు ఉన్న ఈ బలాన్ని సుప్రీంకోర్టు 1964లోనే ఎల్.డబ్ల్యూ. రస్సెల్ కేసులో వివరించింది. కోజికోడ్‌లో ఒక సంస్థలో పనిచేసే ఉద్యోగి పదవీ విరమణ ప్రయోజనం కోసం యాజమాన్యం ఏటా కొంత డబ్బు ట్రస్టులో వేసేది. ఆ డబ్బును ఆ ఏడాది జీతంలో కలిపి పన్ను వేయాలని ఆదాయపు పన్ను శాఖ వాదించింది. షరతులు నెరవేరేదాకా ఉద్యోగికి ఆ డబ్బు మీద స్థిరమైన హక్కు లేదనీ, హక్కు లేని డబ్బును అతని జీతంగా లెక్కించడం కుదరదనీ కోర్టు చెప్పింది.

అయితే షరతు ఉత్తుత్తిది కాకూడదు. ఉత్తరంలో షరతు రాసి, నోటిమాటగా "ఎలాగైనా ఇస్తాం లెండి" అని హామీ ఇచ్చి, మధ్యలో మానేసినవారికి కూడా ఇచ్చేస్తే ఆ షరతుకు విలువ లేదు. ఒక్క ఉద్యోగి కోరిక మీద ఆయన ఒక్కరికే మార్చడం కన్నా, ఆ స్థాయి ఉద్యోగులందరికీ ఒకే విధానంగా పెడితే గట్టిగా నిలుస్తుంది. ఉద్యోగిని నిలబెట్టుకోవడం కంపెనీకీ అవసరమే కాబట్టి రెండు వాయిదాల బోనస్‌కు వ్యాపార కారణం కూడా ఉంటుంది.

అందుకే అడగాల్సిన సమయం బోనస్ ఉత్తరం వచ్చాక కాదు. బోనస్ గురించి మాటలు నడుస్తున్నప్పుడే అడగాలి. హెచ్‌ఆర్ వారిని "సార్, నాకు మంజూరైన బోనస్ వాయిదా వేయండి" అని అడిగితే వాళ్లు ఒప్పుకోకపోవడమే మంచిది. "సార్, ఈసారి బోనస్‌ను రెండు వాయిదాలుగా, రెండోది ఏప్రిల్ దాకా ఉద్యోగంలో ఉంటేనే అన్న షరతుతో ప్రకటించే వీలుందా?" అని ముందే అడగడం వేరు. మొదటిది సంపాదించిన డబ్బును దాచమనడం. రెండోది డబ్బు సంపాదించే నిబంధనను ముందే కుదుర్చుకోవడం.

ముందు వచ్చే ఏడాది చూసుకోండి

పంచిన తర్వాత కూడా లెక్క తప్పే అవకాశం ఉంది. మన ఉద్యోగికి ఏప్రిల్ నుంచి జీతం పెరిగి 12 లక్షలైందనుకోండి. ఏప్రిల్‌లో వచ్చిన లక్షన్నర కలిస్తే 13.5 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12.75 లక్షలు. మళ్లీ 12 లక్షల గీత దాటింది. సెస్సుతో కలిపి పన్ను 74,100. పంచకపోతే కట్టాల్సింది 81,900. మిగిలింది 7,800 రూపాయలే. ఆ కాస్త కోసం లక్షన్నర రూపాయలను షరతు మీద పెట్టినట్టయింది. ఆ నెలలో మంచి ఉద్యోగం దొరికి వెళ్లాల్సి వస్తే ఆ లక్షన్నర మొత్తం పోతుంది.

ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీని కూడా మరిచిపోవద్దు. 11.75 లక్షల దగ్గర ఉన్నవారికి గీత దాకా మిగిలిన చోటు 25,000 మాత్రమే. వడ్డీ 30,000 వస్తే 5,000 దాటుతుంది. ఇక్కడ మాత్రం చట్టం కాస్త కనికరం చూపుతుంది. గీతను కొద్దిగా దాటినవారి నుంచి ఆ దాటిన మొత్తం కన్నా ఎక్కువ పన్ను తీసుకోదు. అంటే 5,000, దాని మీద సెస్సు 200 కడితే సరిపోతుంది.

సెక్షన్ 89 దీనికి కాదు

"ఫారం 10ఈ నింపితే పన్నును రెండేళ్లకు పంచుతారట కదా" అని చాలామంది అడుగుతారు. మన రాష్ట్రాల్లో పీఆర్సీ బకాయిలు అందుకున్న ఉద్యోగులు ఈ ఫారం నింపి ఊరట పొందడం చూసి వచ్చిన ఆలోచన ఇది. పీఆర్సీ బకాయి అంటే గడిచిపోయిన ఏళ్లకు సంబంధించి, అప్పుడు రావాల్సింది ఇప్పుడు వచ్చిన జీతం. ఆ డబ్బును పాత ఏళ్లకు పంచి చూసి, అప్పుడే వచ్చి ఉంటే పడే పన్నుకూ ఇప్పుడు పడే పన్నుకూ తేడాను సెక్షన్ 89 తగ్గిస్తుంది. దానికి రిటర్ను వేసే ముందే ఫారం 10ఈ ఆన్‌లైన్‌లో సమర్పించాలి. సమర్పించకుండా ఊరట చూపితే ఆ ఊరటను తిరస్కరిస్తూ నోటీసు వస్తుంది.

మన ఉద్యోగికి వచ్చిన బోనస్ ఈ ఏడాది పనికి, ఈ ఏడాదే ప్రకటించి, ఈ ఏడాదే ఇచ్చింది. అందులో బకాయి అన్నదే లేదు. అలాంటి బోనస్‌ను వచ్చే ఏడాదికి నెట్టడానికి ఆ సెక్షన్‌లో దారి లేదు.

బోనస్ ఉత్తరం ఇప్పటికే చేతికి వచ్చేసినవారు దాన్ని ఒకసారి మళ్లీ చదవండి. అందులో తేదీ మార్చి అని ఉండి, షరతు ఏమీ లేకపోతే, డబ్బు ఎప్పుడు తీసుకున్నా పన్ను ఈ ఏడాదిదే. అలాంటప్పుడు డబ్బు మార్చిలోనే తీసుకుని, పన్ను కట్టి నిశ్చింతగా ఉండండి. ఉత్తరం ఇంకా రానివారు మాత్రం ఇప్పుడే అడగండి. బోనస్ ఏ ఏడాదిదో తేల్చేది ఆ కాగితం. దాని మీద సంతకం పడ్డాక దాన్ని మార్చడం మీ చేతిలోనూ ఉండదు, కంపెనీ చేతిలోనూ ఉండదు.